ముక్కూమొహం తెలియని ఆవకాయ

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగమ్మాయి రాత్రి పూట ఫోన్‌లో ఆవకాయ కోసం వెతుకుతోంది అనుకుందాం. ఎవరో పంపిన వీడియో చూసి ఒక చిన్న పచ్చళ్ళ దుకాణం వెబ్‌సైట్‌లోకి వెళ్ళింది. సీసా ఎర్రగా నోరూరిస్తోంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. కానీ ఆ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. డబ్బు కట్టే ముందు ఒక్క క్షణం ఆగి, పైన మూలలో ఉన్న ‘మా గురించి’ అనే మాట నొక్కింది.

బజారులో అయితే ఈ పని వేరుగా జరుగుతుంది. కొట్టు కళ్ళ ముందు ఉంటుంది, అమ్మే మనిషి మొహం కనిపిస్తుంది. చిటికెడు పచ్చడి అరచేతిలో వేయించుకుని నాలుక మీద పెట్టుకుంటాం. బాగుండకపోతే రేపు వచ్చి అడగొచ్చన్న ధీమా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఇవేవీ లేవు. పైగా ఇది తిండి వస్తువు. ఎవరి చేతులు కలిపాయో, ఎక్కడ కలిపాయో తెలియనిది నోట్లో పెట్టుకోవాలి. అందుకే ఆ అమ్మాయి ‘మా గురించి’ పేజీకి కథ వినడానికి రాలేదు. ఎవరు మీరు, ఎక్కడుంటారు, సీసా పగిలి వస్తే ఎవరిని అడగాలి, రేపు కూడా ఉంటారా అన్నవే ఆమె ప్రశ్నలు.

అక్కడ ఆమెకు సాధారణంగా దొరికేది ఇలా ఉంటుంది: ‘అమ్మమ్మ చేతి రుచిని మీ ఇంటికి చేర్చాలన్న తపనతో పుట్టిన సంస్థ మాది. స్వచ్ఛమైన పదార్థాలు, సంప్రదాయ పద్ధతులు, రాజీలేని నాణ్యత మా ప్రత్యేకత. ప్రతి ముద్దలో ప్రేమను పంచడమే మా లక్ష్యం.’ చదవడానికి ఇంపుగానే ఉంది, రాసినవాళ్ళ మనసులో మోసమూ లేదు. అయినా ఆమె ప్రశ్నల్లో ఒక్కదానికీ ఇందులో జవాబు లేదు. పైన దుకాణం పేరు తీసేసి పోటీ దుకాణం పేరు పెట్టి చూడండి, ఒక్క మాట కూడా మార్చాల్సిన పని ఉండదు. నా దృష్టిలో ‘మా గురించి’ పేజీకి ఇదే మొదటి పరీక్ష. పేరు మార్చినా నిలబడే వాక్యం మీది కాదు, దాన్ని కొట్టేయాలి. మిగిలిన వాక్యాలకు రెండో పరీక్ష పెట్టాలి: కావాలనుకున్న మనిషి దీన్ని సరిచూసుకోగలడా? ఊరి పేరు సరిచూసుకోవచ్చు, లైసెన్సు నంబరు సరిచూసుకోవచ్చు, ఫోన్ చేసి ఎవరు ఎత్తుతారో చూడొచ్చు. ‘రాజీలేని నాణ్యత’ను సరిచూసే దారి లేదు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బి.జె. ఫాగ్ బృందం వెబ్‌సైట్లను జనం ఎందుకు నమ్ముతారు, ఎందుకు నమ్మరు అని మూడేళ్ళ పాటు పరిశోధించింది. 4,500 మందికి పైగా పాల్గొన్న ఆ పని నుంచి 2002లో పది సూత్రాలు వెలువరించింది. చెప్పినదాన్ని సరిచూసుకునే వీలు కల్పించండి, సైటు వెనక నిజమైన సంస్థ ఉందని చూపించండి, అందులో నిజాయితీగల మనుషులు ఉన్నారని తెలియనివ్వండి, మిమ్మల్ని అందుకోవడం తేలిక చేయండి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. రెండు దశాబ్దాలు గడిచాయి, అప్పటి కంప్యూటర్ల స్థానంలో ఫోన్లు వచ్చాయి. కొత్తగా వచ్చిన మనిషి అనుమానాలు మాత్రం అవే.

ఇక ఒక దుకాణాన్ని తీసుకుని పేజీ రాసి చూద్దాం. గోదావరి ఒడ్డున రావులపాలెంలో భార్యాభర్తలు నడుపుకునే పచ్చళ్ళ దుకాణం ఒకటి ఉందని ఊహించుకుందాం. వివరాలన్నీ ఉదాహరణ కోసం అల్లినవే గానీ, అలాంటి ఇళ్ళు గోదావరి జిల్లాల్లో మనకు తెలియనివి కావు.

రాయడానికి కూర్చోగానే చాలామంది ‘మా ఆశయం ఏమిటి’ అన్న దగ్గర మొదలుపెడతారు. దానివల్లే పైన చూసిన లాంటి పేరాలు పుడతాయి. ముందు కలం పక్కన పెట్టి, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని పని గురించి మాట్లాడాలి. దుకాణం నడిపే ఆవిడ చెబుతుంటే చెల్లెలో, కొడుకో ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు. మొట్టమొదట డబ్బిచ్చి కొన్నది ఎవరు? ఏ సంవత్సరం? కాయ ఎవరి దగ్గర కొంటారు, ఎందుకు వాళ్ళ దగ్గరే? ముక్కలు ఎవరు కొడతారు? ఒక విడతకు ఎంత కలుపుతారు, అంతకంటే ఎక్కువ కలపకపోవడానికి కారణం ఉందా? మీ అత్తగారు చేసే పద్ధతిలో మీరు మార్చింది ఏమిటి? కొన్నవాళ్ళు ఎక్కువగా ఫిర్యాదు చేసేది దేని గురించి? ఈ ఆఖరి రెండు ప్రశ్నలకూ వచ్చే జవాబులు బంగారం లాంటివి, ఎందుకంటే వాటిని ఇంకో దుకాణం నకలు కొట్టలేదు. పాత ఆర్డర్ల పుస్తకం, మొదటి కొరియర్ రశీదు, వాట్సాప్‌లో వచ్చిన మొదటి ఆర్డరు కూడా తీసి చూసుకోవాలి. జ్ఞాపకంలో ‘ఏడెనిమిదేళ్ళ క్రితం’ అనిపించేది రశీదులో 2019 అని తేలుతుంది. పేజీలో రాయాల్సింది రశీదులో ఉన్నదే.

అలా మాట్లాడించాక, ఆవిడ మాటల్లోంచే ఈ పేజీ తయారైంది అనుకుందాం:

‘మాది గోదావరి ఒడ్డున రావులపాలెం. ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరికాయ, ఈ నాలుగు పచ్చళ్ళే పెడతాం. కలపడం నా పని. లెక్కలూ పార్సిళ్ళూ మా ఆయన చూసుకుంటారు. వేసవిలో మా వీధిలోని ముగ్గురు ఆడవాళ్ళు మాతో కలిసి పనిచేస్తారు.

‘2019 వేసవిలో మా ఆడపడుచు హైదరాబాద్‌లో తన ఆఫీసుకు మా ఆవకాయ పట్టుకెళ్ళింది. రుచి చూసినవాళ్ళలో ఆరుగురు డబ్బిచ్చి తెప్పించుకున్నారు. అలా మొదలైంది. మొదటి మూడేళ్ళూ మా వంటింట్లోనే పెట్టాం. 2022 నుంచి ఇంటి వెనక వేసుకున్న షెడ్డులో పెడుతున్నాం.

‘ఆవకాయకు కొత్తపల్లి కొబ్బరి కాయే వాడతాం. ఆ కాయ దొరికే వేసవి రోజుల్లో పెట్టిందే ఏడాదంతా అమ్ముతాం. అయిపోతే మళ్ళీ వేసవి దాకా ఉండదు. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్క కొట్టిస్తాం. కారం, ఆవపిండి మేమే ఆడించుకుంటాం. నిలవ ఉండటానికి ఉప్పు, నువ్వుల నూనె తప్ప ఇంకేమీ కలపం.

‘మా అత్తగారి కొలతల్లో ఒకటి మార్చాం. ఉప్పు కాస్త తగ్గించాం. అందుకని మూత తీశాక తడి చెంచా పెడితే త్వరగా బూజు పడుతుంది. ముక్క మీద నూనె తేలుతూ ఉండేలా చూసుకోండి. మా ఆవకాయ కారంగా ఉంటుంది, చిన్నపిల్లలకు కలిపి పెట్టేటప్పుడు చూసి పెట్టండి.

‘సీసా పగిలి వచ్చినా, నూనె కారినా, బూజు కనిపించినా ఫోటో తీసి వాట్సాప్ చేయండి. కొత్త సీసా పంపుతాం, లేదా డబ్బు వెనక్కి వేస్తాం. ఏది కావాలో మీరే చెప్పండి. రుచి నచ్చలేదంటే మాత్రం డబ్బు వెనక్కి ఇవ్వలేం. అందుకే 100 గ్రాముల చిన్న సీసా కూడా పెట్టాం, ముందు అది తెప్పించుకోండి.

‘ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా ఫోన్ నేనే ఎత్తుతాను. మే నెలలో పని మీద ఉండి ఎత్తలేకపోతే రాత్రికి తిరిగి చేస్తాను.’

దీని కింద ఆవిడ పేరు, షెడ్డు చిరునామా, ఫోన్ నంబరు, ఫుడ్ లైసెన్సు నంబరు, పేజీని చివరిసారి సరిచేసిన తేదీ ఉంటాయి.

మొదటి పేరా చూడండి. ఊరు, వస్తువు, మనుషులు, ఈ మూడూ ఐదు చిన్న వాక్యాల్లో వచ్చేశాయి. ఫోన్‌లో పేజీ తెరిస్తే వేలు కదపకుండానే కనిపించే భాగం అంతే ఉంటుంది కాబట్టి, అక్కడే పడాలి. చాలామంది ఆ చోటును నినాదానికి ఇచ్చేసి, ఊరి పేరును అడుగున చిన్న అక్షరాల్లో పెడతారు. కొత్తవాళ్ళలో చాలామంది అంత కిందికి రారు.

రెండో పేరాలో పుట్టుక కథ ఉంది. నాలుగైదు వాక్యాలకు మించి లేదు, గుండెలు పిండే ఘట్టమూ లేదు. కానీ తొలి కొనుగోలుదార్లు ఎవరో, ఏ ఏడో, వంటింటి నుంచి షెడ్డుకు ఎప్పుడు మారారో అందులో ఉన్నాయి. ఈ షెడ్డు మాట రాయడానికి చాలామంది జంకుతారు. ‘ఇంట్లో పెట్టిన పచ్చడి’ అంటేనే అమ్ముడుపోతుందని భయం. నిజానికి వంటింట్లో ఏడాదికి వందల సీసాలు రావని కొనేవాళ్ళకూ తెలుసు. షెడ్డు ఉందని చెబితే ఆ లెక్క కుదురుతుంది. చెప్పకుండా దాచి, ఎవరో వచ్చి చూసి చెబితే మిగతా వాక్యాల మీద కూడా నమ్మకం పోతుంది.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మాస్ట్ అనే ఇంటిపేరుగల అన్నదమ్ములు నడిపిన చాక్లెట్ కంపెనీకి ఇలాగే జరిగింది. కోకో గింజ దగ్గర నుంచి చాక్లెట్ బిళ్ళ దాకా అంతా తామే చేస్తామన్నది వాళ్ళ కథ. ఇద్దరు గడ్డాల అన్నదమ్ములు, చేత్తో చేసే పని, అందమైన కాగితంలో చుట్టిన బిళ్ళలు, వీటితో ఆ బ్రాండుకు గొప్ప పేరు వచ్చింది. 2015 డిసెంబరులో ఒక రచయిత వాళ్ళ తొలినాళ్ళను తవ్వి వరుస వ్యాసాలు రాశాడు. మొదట్లో వేరేవాళ్ళు తయారుచేసిన చాక్లెట్‌ను కొని కరిగించి వాడామని అన్నదమ్ములు ఒప్పుకోవాల్సి వచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే, అలా కరిగించి వాడటం తప్పేమీ కాదు. చాక్లెట్ పని నేర్చుకునే చాలామంది అక్కడే మొదలుపెడతారు. ‘మొదట ఇలా చేశాం, ఫలానా ఏడు నుంచి మేమే గింజ వేయిస్తున్నాం’ అని ముందే రాసి ఉంటే అది పని నేర్చుకున్న కథ అయ్యేది. దాచడం వల్ల అది బయటపడిన రహస్యం అయింది. మన పచ్చళ్ళ దుకాణాల్లోనూ ఇలాంటి చోట్లు ఉంటాయి. కారం ఇంట్లో దంచామని రాసి మిల్లులో ఆడించడం, తాతలనాటి వంటకమని రాసి నిరుడు నేర్చుకున్నది అమ్మడం. మిల్లులో ఆడించిన కారం ఎవరికీ అభ్యంతరం కాదు. దంచామని చెప్పడమే చిక్కు తెస్తుంది.

మూడో పేరాలో ‘ప్రిజర్వేటివ్స్ లేవు’ అన్న మాట కనిపించదు, గమనించారా? ప్రతి పచ్చళ్ళ దుకాణమూ ఆ మాటే రాస్తుంది. మన దేశంలో ఆహార పదార్థాల నిబంధనలు ఉప్పును, నూనెను, మసాలా దినుసులను కూడా నిలవ ఉంచే పదార్థాల్లో మొదటి తరగతి కింద లెక్కిస్తాయి. జనం భయపడేది సోడియం బెంజోయేట్ లాంటి రెండో తరగతి వాటికి. కాబట్టి ‘ఏమీ లేవు’ అనే కంటే ‘ఉప్పు, నువ్వుల నూనె తప్ప ఇంకేమీ కలపం’ అన్నది కచ్చితమైన మాట. చదివేవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది, సీసా మీద అతికించిన పదార్థాల జాబితాతో పోల్చి చూసుకోవడానికీ వీలవుతుంది. ‘స్వచ్ఛమైన’, ‘సహజమైన’, ‘సంప్రదాయ’ అనే మాటలూ అంతే. ఆహార ప్రకటనల మీద 2018లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు ఇలాంటి మాటలను ఎప్పుడు వాడొచ్చో, ఎప్పుడు వాడకూడదో షరతులు పెట్టాయి. వాటి జోలికి పోకుండా ఏం చేస్తున్నారో రాసేయడం సుఖం.

పేజీ మొత్తంలో నాకు ఎక్కువ విలువైనది నాలుగో పేరా. ఉప్పు తగ్గించామని, దానివల్ల ఒక ఇబ్బంది ఉందని అమ్మే మనిషే చెబుతోంది. సరుకులోని లోపాన్ని, పరిమితిని అమ్మేవాళ్ళ నోటి నుంచి విన్నప్పుడు మిగతా మంచి మాటలు కూడా నమ్మబుద్ధవుతుంది. దీనికి ఇంకో లాభం ఉంది. కారం తినలేని ఇల్లు ఈ మాట చదివి ఆగిపోతుంది. ఆ అమ్మకం పోతే పోయింది, రేపు రాబోయే ఫిర్యాదు, దాని వెంట వచ్చే చెడ్డ రివ్యూ తప్పుతాయి. అయితే ఈ పరిమితి నిజమైనది కావాలి. ‘మా పచ్చడి ఎంత బాగుంటుందంటే అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింటారు, జాగ్రత్త’ లాంటి పొగడ్త ముసుగు వేసుకున్న హెచ్చరికలు పనికిరావు. చదివేవాళ్ళు వాటిని ఇట్టే పట్టేస్తారు.

ఐదో పేరా, అంటే ఏదైనా తేడా వస్తే ఏం చేస్తారన్న మాట, చాలా సైట్లలో ‘నియమ నిబంధనలు’ అనే వేరే పేజీలో, కోర్టు భాషలో ఉంటుంది. అక్కడా ఉండాల్సిందే. కానీ మొదటిసారి వచ్చిన మనిషికి అది ఇక్కడ, మాట్లాడే తెలుగులో, రెండు ముక్కల్లో కావాలి. పచ్చళ్ళ పార్సిల్‌లో అందరికీ తెలిసిన గండం నూనె కారడం. దాని పేరెత్తకుండా ‘సంతృప్తి మా హామీ’ అని రాస్తే ఆ గండం గురించి వీళ్ళకు తెలియదనో, తెలిసినా పట్టదనో అనుకుంటారు. ఇక్కడ చట్టం కూడా ఒకటుంది. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న సరుకునూ, చెప్పినట్టుగా లేని సరుకునూ వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్ళు అనకూడదు. రుచి నచ్చకపోవడం వేరు, బూజు పట్టి రావడం వేరు. ఈ గీత ఎక్కడుందో మన పేజీ స్పష్టంగా చెప్పింది, చిన్న సీసా పెట్టి నచ్చుతుందో లేదో అన్న భయానికి కూడా దారి చూపింది.

అవే నిబంధనలు ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలు తమ అసలు పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్ కనిపించేలా పెట్టాలంటాయి. ఫిర్యాదులు వినే అధికారి పేరు చెప్పాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల లోపు పరిష్కరించాలి. ఎప్పుడో ఒకసారి ఇంట్లో మిగిలింది అమ్ముకునేవాళ్ళకు ఇవి వర్తించవు గానీ, క్రమం తప్పకుండా వ్యాపారం చేసేవాళ్ళ సంగతి వేరు. భార్యాభర్తల దుకాణంలో ఆ అధికారి భర్తే కావచ్చు. పేరు, నంబరు రాసి, నిజంగా జవాబివ్వాలి.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరులో 14 అంకెలుంటాయి. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్, పెద్దదానికి లైసెన్సు ఇస్తారు. ఎవరైనా ఆ నంబరును foscos.fssai.gov.in లో కొట్టి చూసుకోవచ్చు. అందుకే దాన్ని బొమ్మగా పెట్టకుండా, నొక్కి పట్టుకుని కాపీ చేసుకునేలా అక్షరాల్లో పెట్టండి. ఆ సైటులో కనిపించే పేరు, చిరునామా మీ పేజీలోని పేరు, చిరునామాతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. రిజిస్ట్రేషన్ భర్త పేరు మీద, వెబ్‌సైట్ భార్య పేరు మీద, డబ్బు వెళ్ళే ఖాతా బావమరిది పేరు మీద ఉంటే, అందరూ మంచివాళ్ళే అయినా చూసేవాళ్ళకు అనుమానం వస్తుంది. పేర్లు వేరుగా ఉండక తప్పకపోతే ఎందుకో ఒక వాక్యంలో చెప్పేయండి.

చిరునామా దగ్గర చాలామంది ఆడవాళ్ళు వెనకాడతారు. ఇంటి నుంచి ఒంటరిగా వ్యాపారం చేసే మనిషి ఇంటి చిరునామా ఊరందరికీ చెప్పడానికి భయపడటం సబబే. దీనికి కొన్ని దారులున్నాయి. సరుకు తయారయ్యే చోటు వేరుగా ఉంటే ఆ చిరునామా ఇవ్వొచ్చు, అది ఎలాగూ సీసా మీద అచ్చవ్వాల్సిందే. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకుంటే సొంత నంబరు గుట్టుగా ఉంటుంది. ఇంటి గుమ్మం, ఇంటి నంబరు, పిల్లల బడి యూనిఫాం ఫోటోల్లో పడకుండా చూసుకోవాలి. ‘దుకాణానికి నేరుగా రావద్దు, ఆర్డర్లు ఫోన్‌లోనే’ అని రాసినా తప్పు లేదు. అన్నీ దాచేసి ఒక్క ఈమెయిల్ పెట్టేసి ఊరుకుంటే మాత్రం కొత్తవాళ్ళు వెనక్కి తిరిగిపోతారు.

ఫోటోల గురించి ఎక్కువ చెప్పను. డబ్బిచ్చి కొన్న ఫోటోలో నవ్వుతున్న బామ్మ ఇంకో పది సైట్లలో కూడా నవ్వుతుంటుంది, ఫోన్‌లో బొమ్మను వెతికితే నిమిషంలో తేలిపోతుంది. పొద్దుటి వెలుతురులో ఫోన్‌తో తీసిన మీ షెడ్డు, మీ జాడీలు, ముక్కలు తుడుస్తున్న మీ మనుషులు చాలు. ఆ ముగ్గురు ఆడవాళ్ళ ఫోటో పెట్టే ముందు వాళ్ళను అడగండి, పేర్లు వేయమంటే వేయండి.

రివ్యూల విషయంలో ఆశ పుట్టడం సహజం. మొదట్లో రివ్యూలు ఉండవు, చుట్టాల చేత నాలుగు రాయిద్దామనిపిస్తుంది. కొన్నవాళ్ళలా నటిస్తూ తమ సరుకు మీద తామే రివ్యూ రాసుకోవడం పైన చెప్పిన నిబంధనల్లోనే నిషేధం. 2022లో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణాన్నే తెచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒకే రోజు పడిన పది పొగడ్తలు చూడగానే చదివేవాళ్ళకు విషయం అర్థమైపోతుంది. రివ్యూలు లేకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి. నిజమైన రెండు వచ్చాక, వాళ్ళ అనుమతితో, ఊరి పేరుతో సహా వాళ్ళ మాటల్లోనే పెట్టండి. ‘కారం కాస్త ఎక్కువైంది, అయినా మళ్ళీ తెప్పించుకున్నాం’ అన్న రివ్యూ దొరికితే దిద్దకండి. పేజీలో మీరు రాసిన మాటకు అది సాక్ష్యం. ఇలాగే, ‘ఇంకా మూడు సీసాలే మిగిలాయి’ అని అబద్ధపు తొందర పెట్టడం కూడా 2023లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధమైన పద్ధతుల్లో ఒకటి. ఆవకాయ నిజంగానే సీజన్ సరుకు కాబట్టి పచ్చళ్ళవాళ్ళకు ఆ అవసరం అసలే లేదు.

ఏ భాషలో రాయాలన్నది ఒక ప్రశ్న. తెలుగు పచ్చళ్ళకు తెలుగులో రాయడమే నాకు ఇష్టం, పైన చూపినట్టు మాట్లాడే తెలుగులో. కానీ డాలస్‌లోనో బెంగళూరులోనో పెరిగిన పిల్లలకు తెలుగు చదవడం రాకపోవచ్చు. ఇంగ్లిష్ పేజీ కూడా పెట్టండి. అయితే అందులో కొత్త గొప్పలు చేరకూడదు. తెలుగులో షెడ్డు, ఇంగ్లిష్‌లో అత్యాధునిక కర్మాగారం అయితే రెండూ చదివినవాళ్ళు ఏది నమ్మాలి?

పేజీ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. మిమ్మల్ని ఎప్పుడూ కలవని మనిషికి, స్నేహితుల స్నేహితులైతే మేలు, ఫోన్‌లో పేజీ తెరిచి ఇవ్వండి. ఒక నిమిషం తర్వాత ఫోన్ తీసుకుని అడగండి: ఇది ఎవరి దుకాణం, ఏ ఊరు, సీసా పగిలితే ఏం చేస్తారు? ఈ మూడూ చెప్పగలిగితే పేజీ తన పని చేసినట్టే. ‘బాగుంది’ అని మాత్రమే చెప్పి ఊరి పేరు చెప్పలేకపోతే మళ్ళీ రాయాలి. తర్వాత వాట్సాప్ చూసుకోండి. ‘మీరెక్కడండీ’, ‘ఏ నూనె వాడతారు’ అని ఆర్డరుకు ముందు వచ్చే ప్రశ్నలు తగ్గాలి. ఏదైనా ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంటే దాని జవాబు పేజీలో లేదని అర్థం. సీసా చేతికొచ్చాకే డబ్బు ఇచ్చే పద్ధతి కూడా మీ దగ్గర ఉంటే ఇంకో గుర్తు దొరుకుతుంది. కొత్తవాళ్ళలో ముందే డబ్బు కట్టేవాళ్ళు నెమ్మదిగా పెరుగుతున్నారా అని నెలనెలా చూడండి. దీనికి ధరలు, పండుగలు, ఆఫర్లు లాంటి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి ఒక్క నెల చూసి తీర్పు చెప్పకండి.

పేజీ చేయలేనివి కూడా ఉన్నాయి. కొరియర్ ఖర్చు చివరి మెట్టు దాకా చూపించకుండా దాచితే ఎంత మంచి కథ రాసినా కొనే మనిషి అక్కడే లేచిపోతుంది. ఫోన్ ఎత్తకపోతే ‘నేనే ఎత్తుతాను’ అన్న వాక్యం మీకే ఎదురు తిరుగుతుంది. పచ్చడి మెత్తబడి వస్తే మాటలు ఏమీ చేయలేవు.

పేజీ ఒకసారి రాసి వదిలేసేది కాదు. దుకాణం మారుతుంది, కాయ కొనే తోట మారుతుంది, పనిచేసేవాళ్ళు ముగ్గురు ఏడుగురవుతారు, నువ్వుల నూనె ధర పెరిగి వేరే నూనె వాడాల్సి రావచ్చు. వాడితే ఆ రోజే పేజీలో మార్చండి, సీసా మీద మార్చండి, ఎందుకు మార్చారో చెప్పండి. ఏటా మామిడికాయ బజారులోకి రాకముందే, మార్చిలో ఒక సాయంత్రం కూర్చుని ప్రతి వాక్యాన్నీ ఇది ఇవాళ కూడా నిజమేనా అని అడిగి, తేదీ సరిచేయండి. మీ దుకాణం పేజీ ఇప్పుడే ఫోన్‌లో తెరిచి, మొదటి నాలుగు వాక్యాల్లో మీ ఊరి పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు అది రాయండి.